చూసేది ఎవరైతేనేం, చెప్పేది ఎవరైతేనేం: సెమినారు గట్టెక్కే చిట్కాలు

కాట్రేనికోనలో బస్సెక్కి రాజమండ్రిలో ఎం.ఏ. తెలుగు చదవడానికి వెళ్లే పిల్లలకు ఏదో ఒక సెమిస్టరులో ఈ గండం తప్పదు. ఒక నవల చేతికిచ్చి, ఇందులో కథ చెప్పేది ఎవరు, కథను చూసేది ఎవరు, రెండూ వేరు చేసి చూపించమంటారు. చెప్పడం కథనం, చూడడం ఫోకలైజేషన్. 1972లో జెరార్ జెనెట్ అనే ఫ్రెంచి ఆయన పనిగట్టుకుని ఈ రెండు ప్రశ్నలనూ విడదీశాడు. అంతకుముందు అందరూ రెంటినీ కలిపి ‘దృష్టికోణం’ అనేసి సుఖంగా బతికారు. ఆ సుఖం మీకు మళ్లీ ఎలా దక్కుతుందో చెబుతాను, శ్రద్ధగా వినండి.

1. నవల దగ్గరూరిది ఎంచుకోండి. మొక్కపాటి నరసింహశాస్త్రిగారి ‘బారిస్టర్ పార్వతీశం’ భేషుగ్గా ఉంటుంది. మొదటి భాగం 1924లో వచ్చింది. హీరోది మొగల్తూరు. సఖినేటిపల్లి రేవులో పంటెక్కి నరసాపురంలో దిగితే అక్కడికి ఎంతో దూరం లేదు. ఊరు తెలిస్తే నవల తెలిసినట్టే కాబట్టి చదవక్కర్లేదు. తాతయ్య నవ్వుతూ చెప్పిన నాలుగు ముక్కలు గుర్తుంటే చాలు. ఎవరైనా నిలదీస్తే “మా ప్రాంతం నవలండీ” అని కొంచెం గద్గదంగా అనండి. ప్రాంతీయాభిమానం ముందు ఏ మాస్టారూ పేజీ నంబరు అడగరు.

2. ‘నేను’ అనే మాట కనబడగానే పని అయిపోయిందనుకోండి. కాగితం మీద రెండు గళ్లు గీయండి. ‘చెప్పేది’ కింద పార్వతీశం, ‘చూసేది’ కింద పార్వతీశం అని రాసి కలం మూసేయండి. “ఉత్తమ పురుషలో చెప్పేవాడే చూసేవాడు” అని కింద ఒక గీత కొట్టండి. సూత్రంలా కనబడాలంటే గీత ముఖ్యం.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. టోపీ జోలికి మాత్రం వెళ్లకండి. పార్వతీశం సీమకు బయలుదేరుతూ దొరల టోపీ అనుకుని ఆడవాళ్ల టోపీ కొనుక్కుంటాడు. జనం నవ్వుతారు. ఎందుకు నవ్వుతున్నారో అతనికి తెలియదు. ఆ ఘట్టం దగ్గర ఆగారంటే బుర్రలో పురుగు తొలవడం మొదలవుతుంది. ఈ కథ చెబుతున్నవాడు అవన్నీ అయిపోయాక చెబుతున్నవాడు కదా, అది ఆడవాళ్ల టోపీ అని అతనికి తెలుసు కదా, మరి కొనేటప్పుడే ఆ ముక్క ఎందుకు చెప్పలేదు? తెలిసి కూడా నోరు మూసుకున్నాడంటే, గొంతు తనది పెట్టి కళ్లు మాత్రం ఆనాటి కుర్రాడివి అరువు తెచ్చుకున్నాడన్నమాట. చెప్పేవాడికి తెలిసినదానికీ, చూసేవాడికి తెలిసినదానికీ మధ్య ఉన్న ఆ ఎడంలోంచే నవ్వు పుడుతోంది. కొట్లో నిలబడినప్పుడే “అది ఆడవాళ్ల టోపీ అని నాకు అప్పుడు తెలియదు” అని ఒక్క వాక్యం వేసి ఉంటే, చూపు పెద్ద పార్వతీశానిదైపోయేది, ఘట్టం నీరుగారిపోయేది.

చూశారా, ఎంత పని పెరిగిందో. ఇద్దరూ పార్వతీశాలే, కానీ ఒకడు కాదు, అని తేలుతుంది. తేలితే ప్రతి పేజీలోనూ ఎక్కడ కుర్రాడు చూస్తున్నాడో, ఎక్కడ పెద్దాయన జోక్యం చేసుకుంటున్నాడో గుర్తులు పెట్టుకుంటూ పోవాలి. ‘తర్వాత తెలిసింది’, ‘ఇప్పుడు తలుచుకుంటే’ లాంటి మాటలు ఎక్కడెక్కడ వస్తున్నాయో వెతకాలి. మీకెందుకా గొడవ? “హాస్యం అద్భుతం” అని రాసి పేజీ తిప్పండి.

3. సర్వనామం మార్చి చూసే పరీక్ష చచ్చినా చెయ్యకండి. ఇది రొలాఁ బార్త్ చెప్పినది, జెనెట్ వాడుకున్నది. ప్రథమ పురుషలో ఉన్న వాక్యాన్ని ‘నేను’లోకి మార్చాలి. ఇంకేమీ మార్చకుండా అతికిపోతే, ఆ చూపు ఆ పాత్రలోంచి వస్తున్నట్టు. అతకకపోతే, చూసేవాడు బయట ఎక్కడో ఉన్నట్టు. ఎంత తొందరగా తేలిపోతుందో, ఎంత ప్రమాదకరమో మీకు తెలియడానికి నేనే నాలుగు వాక్యాలు అల్లి చూపిస్తాను.

“సత్యం పరుగెత్తుకుంటూ రేవులోకి వచ్చాడు. పంటు కదిలిపోతోంది. ఇవాళే దీనికింత తొందరేం? పంటు మీద నాన్నగారు గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నారు.”

ఇప్పుడు ‘నేను పరుగెత్తుకుంటూ రేవులోకి వచ్చాను’ అని మార్చండి. మిగతా మూడు వాక్యాల్లో అక్షరం కదపక్కర్లేదు. అంటే చూస్తున్నది సత్యమే. కానీ సత్యం తనను తాను ‘సత్యం వచ్చాడు’ అనుకోడు కాబట్టి చెబుతున్నది ఇంకెవరో. ఇప్పుడు ఇంకో వాక్యం చూడండి. “పంటు తప్పిపోయినందుకు సత్యం లోలోపల సంతోషిస్తున్నట్టున్నాడు.” దీన్ని మార్చితే ‘నేను లోలోపల సంతోషిస్తున్నట్టున్నాను’ అవుతుంది. తన సంతోషం సంగతి తనే ఊహించుకునేవాడు మన మండలంలో లేడు. కాబట్టి ఇక్కడ చూపు సత్యానిది కాదు, గట్టు మీద నిలబడి సత్యం మొహంలోకి చూస్తున్నవాడిది.

ఇంత సులువుగా తేలిపోతే సెమినారులో మీరు మాట్లాడాల్సి వస్తుంది. ఎవరైనా బలవంతంగా పరీక్ష చెయ్యమంటే, సర్వనామమే లేని వాక్యాన్ని వెతికి పట్టుకోండి. “గోదావరి అక్కడ వెడల్పుగా ఉంటుంది” లాంటిది. దాంట్లో మార్చడానికి ఏమీ ఉండదు, పరీక్ష నోరెత్తదు. వెంటనే “సిద్ధాంతం తెలుగుకు వర్తించదు” అని తేల్చేయండి. చప్పట్లు కూడా పడొచ్చు.

4. నిజానికి తెలుగుకు మరీ ఎక్కువ వర్తిస్తుంది, ఆ సంగతి బయటపెట్టకండి. పైన సత్యం వాక్యాల్లో ‘నాన్నగారు’ అనే మాట ఉంది. కథ చెబుతున్నవాడికి ఆయన నాన్నగారు కాదు, సత్యానికి నాన్నగారు. ‘ఉన్నారు’ అన్న మర్యాద కూడా సత్యం ఇచ్చినదే. చెప్పేవాడి చూపే అయితే ‘సత్యం తండ్రి గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు’ అని ఉండేది. ‘ఆ రోజే’ అనకుండా ‘ఇవాళే’ అన్నాడు, అది రేవులో నిలబడ్డవాడి రోజు. ‘రేవుకు వెళ్లాడు’ అనకుండా ‘వచ్చాడు’ అనడమూ అంతే, చూపు అప్పటికే రేవులో కాపు కాసి ఉంది. ఇంగ్లీషు పుస్తకాల్లో ‘హి’ అనే ఒక్క మాటతో పోయేచోట మన రచయితలు వాడు, అతను, ఆయన అని మూడు రకాలుగా అంటారు. ఒకే మనిషి ఒక పేజీలో ‘వాడు’, పక్క పేజీలో ‘ఆయన’ అయ్యాడంటే, ఎవరి కళ్లలోంచి చూస్తున్నామో మారిందేమోనని అనుమానించాలి. మీరు అనుమానించకండి. “అచ్చుతప్పు” అనండి. ప్రెస్సువాళ్లు వచ్చి కాదనరు.

5. ప్రథమ పురుష కనబడితే ‘సర్వజ్ఞ కథకుడు’ అనే ముద్ర గుద్దండి. బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ ఇచ్చినా అదే ముద్ర. దయానిధి కథను చెబుతున్నది దయానిధి కాదు, కాబట్టి చెప్పేవాడికి అన్నీ తెలుసు, కాబట్టి అంతా చూస్తున్నాడు. ఎంత నున్నటి తర్కం! కోమలి ఏమనుకుంటోందో మనకు చాలామటుకు దయానిధి ఊహించినంతే ఎందుకు తెలుస్తోంది, అన్నీ తెలిసిన కథకుడు ఆమె మనసులోకి ఒక్క అడుగు వేసి చెప్పేయొచ్చు కదా, అని వెనకబెంచీ నుంచి ఎవరో ఒకమ్మాయి అడుగుతుంది. అలాంటమ్మాయి ప్రతి క్లాసులోనూ ఉంటుంది. “కథకుడికి ఆడవాళ్ల మనసు తెలియదు” అని జోకు వేసి తప్పించుకోండి. కథకుడి నోటికి అడ్డేమీ లేకపోయినా, అతను తన సమాచారాన్ని దయానిధి చూపు మేరకు కావాలనే కుదించుకున్నాడనీ, ఆ కుదింపు వల్లే పాఠకుడు కూడా దయానిధితోపాటు తడుముకోవాల్సి వస్తోందనీ ఎవరికీ స్ఫురించకముందే టీ టైము అయిపోవాలి.

6. వైవాకు ఇద్దరు మహానుభావుల్ని వెంటబెట్టుకెళ్లండి. జెనెట్ లెక్కలో ఫోకలైజేషన్ అంటే కథకు ఎంత సమాచారం అందనిస్తున్నారనే అదుపు. మీకె బాల్ అనే డచ్చి ఆవిడ లెక్కలో, చూసే పని చేసే ఒక ‘ఫోకలైజర్’ ఉంటాడు, వాడికీ ఒక హోదా ఉంటుంది. ఇద్దరికీ కుదరలేదు. 1983లో జెనెట్ మళ్లీ ఒక పుస్తకం రాసి బాల్ మాట ఒప్పుకోలేదు, కానీ ‘ఎవరు చూస్తున్నారు’ అన్న తన పాత ప్రశ్నను ‘ఎవరు గ్రహిస్తున్నారు’ అని సవరించుకున్నాడు. చీకట్లో వినబడేదీ, ముక్కుకు తగిలే వాసనా కూడా లెక్కలోకి రావాలి కదా. మీరు పేరా మొదట్లో జెనెట్ అర్థంలో ఆ మాట వాడి, చివర్లో బాల్ అర్థంలో వాడండి. మాస్టారు అయోమయంగా చూస్తే “పండితులలో భిన్నాభిప్రాయాలున్నాయండీ” అనండి. ఇది అబద్ధం కూడా కాదు, అదే దీని అందం.

7. పేపరు చివర్లో “మొక్కపాటివారు తమ కళ్లతో చూసి తమ నోటితో చెప్పారు” అని రాయండి. చూసేవాడు, చెప్పేవాడు చాలరన్నట్టు రచయితను కూడా తెచ్చి అదే పీట మీద కూర్చోబెడితే ముగ్గురూ ఇరుక్కుంటారు, విడదీయడం ఎవరి తరమూ కాదు.

8. ముందురోజు ఆత్రేయపురం పూతరేకులు ఒక పెట్టె డిపార్ట్‌మెంటులో ఇచ్చి రండి. నెయ్యివి. వాయిదా అడగాల్సి వస్తే తుఫాను హెచ్చరిక చెప్పండి. మన సముద్రతీరం వాళ్లను ఆ విషయంలో ఎవరూ శంకించరు, కానీ ఎండాకాలంలో ఒకసారి ఆకాశం చూసుకుని చెప్పడం మంచిది.

ఇవన్నీ పాటిస్తే ఫలితం ఖాయం. వచ్చే ఏడు కూడా ఇదే పేపరు, ఇదే నవల, ఇదే టోపీ ఘట్టం మీకే ఇస్తారు. కొత్త నవల కొనే ఖర్చు మిగిలింది.