రేటు ఎక్కడుందో చెప్పమ్మా!

మా రోజుల్లో ట్రెడిల్ ప్రెస్సులో ఒక్కో సీసం అక్షరాన్నీ గళ్ళలోంచి ఏరి పేర్చేవాళ్ళం నాయనా. మాట ఎక్కువైతే మా వేళ్ళు పోయేవి, రాయించినవాడి డబ్బూ పోయేది. మా వీధి మంగలి షాపులో రేట్ల బోర్డంటే రెండే ముక్కలు: కటింగు ఇంత, గడ్డం ఇంత. మీ కంప్యూటర్లో అక్షరాలు ఊరికే వస్తాయిగా, కుమ్మరించేస్తారు.

మొన్న మా మనవరాలు తన బ్యూటీ పార్లర్ రేట్ కార్డు తెచ్చి, "తాతయ్యా, తప్పులున్నాయేమో చూడవా" అంది. ఒక్క ఏ4 కాగితం మీద 62 పనులు. గులాబీ రంగు మీద బంగారు అక్షరాలు, పైన తళతళలాడే లామినేషన్. లైటు కింద పెడితే నా బట్టతల కనపడింది గానీ ఐబ్రోస్ ధర కనపడలేదు. పేరు ఈ అంచున, ధర ఆ అంచున, మధ్యలో జానెడు మైదానం. ఐబ్రోస్ దగ్గర వేలు పెట్టి బయల్దేరితే అప్పర్ లిప్ ధర దగ్గర తేలాను. వరుసలు ఇరికించడంతో పై వరుస ఒత్తులు కింది వరుస గుడులను కుమ్ముతున్నాయి. తెలుగుకు ఇంగ్లీషు కన్నా ఎక్కువ చోటు వదలాలని ఆ డిజైనరు కుర్రాడికి ఎవరు చెప్పాలి?

సరే, కళ్ళజోడు తుడుచుకుని కూర్చున్నా. థ్రెడింగ్, వ్యాక్సింగ్, ఫేషియల్, జుట్టు, చేతులూ కాళ్ళూ అని గుంపులు కట్టించా. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది అడిగేది ఐబ్రోసే కాబట్టి అది అన్నిటికన్నా పైన. ధరను పేరు పక్కకు లాగించా. పెళ్ళికూతురి ముస్తాబు వేరే కాగితానికి పంపేశా.

హెయిర్ స్పా పక్కన 800, ఒక చుక్క గుర్తు. చుక్క అర్థం ఎక్కడో అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో: పొడవును బట్టి మారునట. నడుము దాకా జడ ఉన్నావిడకు బిల్లు దగ్గర 1400 అంటే ఊరుకుంటుందా? మెడ వరకు 800, భుజాల కింద 1100, నడుము వరకు 1400 అని మూడు వరుసలు రాయించా.

ఇక ప్యాకేజీలు. సిల్వర్, గోల్డ్, ప్లాటినం, డైమండ్! పార్లరా, నగల కొట్టా? పైగా గోల్డ్ ఫేషియల్ అని ఇంకోటుంది. "గోల్డ్ కావాలి" అంటే ఏదని? నాలుగింటిని రెండింటికి దించి, లోపలేముందో కింద రాయమన్నా. ఒకదాంట్లో ఫ్రూట్ ఫేషియల్ 700, పెడిక్యూర్ 500, ఫుల్ ఆర్మ్స్ వ్యాక్స్ 350, ఐబ్రోస్ 50. విడిగా 1600, కలిపి 1300. లెక్క కళ్ళెదుట ఉంటే బేరం ఉండదు.

పక్కింటి పిన్నిగారికి కొత్త కార్డును చెయ్యి చాపినంత దూరాన పట్టుకుని, "ఫుల్ ఆర్మ్స్ ఎంత?" అని అడిగాం. టక్కున చెప్పింది.

నేను మీసం దువ్వుకుంటుంటే, మనవరాలు బీరువాలోంచి 1978లో నేనే అచ్చేసిన పెళ్ళి శుభలేఖ తీసింది. బంధువుల పేర్లే 41. "తాతయ్యా, ముహూర్తం ఎక్కడుందో చెప్పు" అంది. వెతుకుతూనే ఉన్నా.