పన్నెండు పాయింట్లంటే ఎంత?

మా రోజుల్లో పాయింటు చేతికి తగిలేది. కేసులోంచి సీసపు టైపు తీసి వేళ్ళ మధ్య పట్టుకుంటే, ఆ దిమ్మ పైనుంచి కిందికి ఎంతుందో అదే పాయింటు సైజు. దిమ్మ మీద అక్షరం ఎంతుందన్నది వేరే సంగతి. ఒకే పన్నెండు పాయింట్ల దిమ్మ మీద ఒక ముఖం పెద్దదిగా ఉండేది, మరొకటి చిన్నదిగా ఉండి పైనా కిందా సీసం ఖాళీగా మిగిలేది. కంపోజింగ్‌కి కొత్తగా చేరిన కుర్రాడికి కూడా ఇది విడమరిచి చెప్పే పని ఉండేది కాదు. ఇప్పుడు దిమ్మ పోయింది, తెర మీద గడిలో 12 అనే అంకె మిగిలింది. ఆ అంకెనే అక్షరం ఎత్తు అనుకుంటున్నారు. నా కోపమంతా అక్కడే.

మొన్న మా వీధిలో డీటీపీ చేసే అబ్బాయి ఏదో సావనీరు ప్రూఫులు తెచ్చాడు. ఇంగ్లీషు వ్యాసాలు కొన్ని టైమ్స్ న్యూ రోమన్‌లో, కొన్ని వెర్డానాలో ఉన్నాయి. “రెండూ పన్నెండే తాతగారూ, మరి వెర్డానావి ఇంత పెద్దగా వచ్చాయేంటి? ఫైలు పాడైందంటారా?” అన్నాడు.

ఫైలుకేం కాలేదు. ఇంగ్లీషులో చిన్న ఎక్స్ అక్షరం ఎత్తు చూడాలి. దాన్నే ఎక్స్-హైట్ అంటారు. పేజీలో మన కన్ను ఎక్కువసేపు తిరిగేది ఆ ఎత్తులోనే కాబట్టి, సైజు ఎంతన్నది కంటికి తోచేది దాన్నిబట్టే. హెచ్, డి లాంటి అక్షరాల్లో దాన్ని దాటి పైకి లేచే కాడలు అసెండర్లు. టైమ్స్‌లో ఎక్స్-హైట్ పాయింటు సైజులో దాదాపు 45 శాతం, వెర్డానాలో దాదాపు 54.5 శాతం. అంటే పన్నెండులో మొదటిది 5.4 పాయింట్లు, రెండోది 6.5 పాయింట్లు. వెర్డానా పక్కన సమానంగా కనబడాలంటే టైమ్స్‌ని పద్నాలుగున్నరకి పెంచాలి. లేదా వెర్డానాని పదికి దించాలి. అబ్బాయి పదికి దించాడు, రెండు వ్యాసాలూ ఒక్క ఎత్తుకి వచ్చాయి. అయినా వరసలు కిక్కిరిసినట్టే ఉన్నాయి. వెర్డానాలో చిన్నక్షరాలే ఎత్తులో పెద్ద భాగం ఆక్రమిస్తాయి. వరసకీ వరసకీ మధ్య తెల్లదనం తగ్గిపోతుంది. మేమైతే వరసల మధ్య ఇంకో లెడ్డు వేసేవాళ్ళం. అతను లైన్ స్పేసింగ్ పెంచాడు.

వెర్డానాని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. మాథ్యూ కార్టర్ దాన్ని 1996లో మైక్రోసాఫ్ట్ కోసం, అప్పటి తెరల కోసమే గీశాడు. ఎనిమిది పాయింట్ల అక్షరానికి ఆ తెర మీద దొరికేది పదకొండు చుక్కల ఎత్తు. అందులో టైమ్స్ ఎక్స్-హైట్‌కి ఐదు చుక్కలు వస్తాయి. చిన్న ఇ అక్షరానికి పైగీత, నడిమి గీత, అడుగు గీత కలిసి మూడు చుక్కలు తినేస్తే మిగిలేవి రెండే. ఒకటి పైన మూసుకున్న గూటికి, ఒకటి కింద కుడివైపు తెరుచుకున్న నోటికి. గూడు కౌంటర్, నోరు అపర్చర్. వెర్డానాకైతే ఆరు చుక్కలు. ఆ ఒక్క చుక్క ఎక్కువవడంతోనే లోపలి ఖాళీ ఒకటిన్నర రెట్లవుతుంది.

ఎక్స్-హైట్ ఒక్కటే కారణం అనుకోకండి. ఏరియల్‌ది కూడా దాదాపు 52 శాతం. దాన్ని పన్నెండున్నర చేసి వెర్డానా పన్నెండు పక్కన పెడితే రెండూ కొలతకి సమానమే. అయినా వెర్డానాయే పెద్దదిగా తోస్తుంది. ఏరియల్‌లో సి, ఎస్ అక్షరాల కొసలు లోపలికి వంగి నోరు మూసుకోవడానికి చూస్తాయి. వెర్డానాలో నోళ్ళు బాగా తెరుచుకుని ఉంటాయి, గూళ్ళు కూడా వెడల్పు. సిరా కాస్త పాకినా, జిరాక్స్ మీద జిరాక్స్ తీసినా ముందు పూడిపోయేది ఇరుకు నోళ్ళే. అప్పుడు సి కాస్తా ఓ అవుతుంది. అందుకే ఎక్స్-హైట్లు సమానం చేశాక కూడా తేడా కనిపిస్తే అక్షరాల లోపలి తెలుపు చూడమని ఆ అబ్బాయికి చెప్పాను.

మా రోజుల్లో ఆరు పాయింట్ల టైపుని పన్నెండుని కుదించి చేసేవాళ్ళు కాదు. దానికి ఎక్స్-హైట్ కాస్త ఎక్కువగా, గూళ్ళు విశాలంగా విడిగా చెక్కేవారు. ఇప్పుడు చాలా ఫాంట్లలో ఒక్క బొమ్మే అన్ని సైజులకీ సాగుతోంది. చిన్న సైజులో అది ఇరుకవుతుందని ఎవరూ చూడరు.

ఐరోపా వాళ్ళు ఈ విషయం పట్టించుకున్నారు. ఆహారం ప్యాకెట్ల మీద తప్పనిసరి వివరాలకి 2011లో చేసిన నిబంధనలో పాయింట్ల ఊసే ఎత్తలేదు. మామూలు ప్యాకెట్ల మీద చిన్న ఎక్స్ ఎత్తు కనీసం 1.2 మిల్లీమీటర్లు ఉండాలన్నారు. ఆ కొలతకి వెర్డానా ఆరుంపావు పాయింట్లయితే చాలు, టైమ్స్ ఏడున్నర దాటాలి. మన దగ్గర దరఖాస్తులకీ, ప్రాజెక్టు రిపోర్టులకీ ఇంకా “12 పాయింట్లలో ఉండాలి” అని రాసి, ఏ ఫాంటో చెప్పకుండా వదిలేస్తున్నారు.