మూడు లెక్కలూ కలిస్తేనే అనుమానం

సొసైటీ ఎరువుల డిపో నుంచి బదిలీ అయిన మేనేజరు ‘తాళాలు, రిజిస్టర్లు, సరుకు అన్నీ సక్రమంగా అప్పగించడమైనది’ అని అప్పగింత కాగితంలో ఒక్క ముక్కలో తేల్చేశాడంటే, కొత్తాయన కుర్చీలో కూర్చునే ముందు నిచ్చెన వేసుకుని గోడౌన్లో బస్తాల నెట్టు ఎక్కి చూడటం మంచిది. డిపోలో యూరియాకి మూడు లెక్కలుంటాయి: ఈ-పాస్ మిషన్ చెప్పేది, స్టాక్ రిజిస్టర్ చెప్పేది, గోడౌన్లో కంటికి కనిపించేది. ఈ మూడూ ఒక్క బస్తా తేడా లేకుండా కలిశాయంటే ఆ మేనేజరు మహానుభావుడైనా అయ్యుండాలి, గోడౌన్ తలుపు తీయకుండానే రాసినవాడైనా అయ్యుండాలి. మహానుభావులకి మన శాఖలో పోస్టులు తక్కువ.

ఉదాహరణకి మిషన్లో 412 బస్తాలు, రిజిస్టర్లో 372, గోడౌన్లో 369 ఉన్నాయనుకుందాం. మొదటి తేడా 40. సర్వర్ పడుకున్న రోజునో, పొలంలో అరిగిపోయిన వేలిముద్రను మిషన్ గుర్తుపట్టని రోజునో రైతుకి బస్తా ఇచ్చి పంపి, ‘వేలు తర్వాత వేద్దువుగాని’ అన్న పుణ్యం అది. అలా ఇవ్వకూడదు, కానీ ఇచ్చారు. 2018 నుంచి దేశమంతటా మిషన్లో అమ్మకం పడితేనే కంపెనీకి సబ్సిడీ అందుతుంది కాబట్టి ఆ నలభై బస్తాలూ కాగితం మీద ఇంకా డిపోలోనే ఉన్నట్టు. రెండో తేడా మూడు బస్తాలు: చినిగి, చెమ్మ తగిలి గడ్డకట్టినవి. పక్కన ఊడ్చి పోసిన కుప్ప కూడా ఉంటుంది. లెక్కలో దాని పేరు యూరియాయే.

ఇవన్నీ రాస్తే పోయేవాడి మెడకే ఉరి కదా, ఆడిటరు ఊరుకుంటాడా అంటారు. న్యాయమైన భయమే. కానీ రాయకపోతే ఆ ఉరి మాయమవదు, ‘సరిచూసి తీసుకున్నాను’ అని సంతకం పెట్టిన అమాయకుడి మెడకి మారుతుంది. పైగా నలభైమంది పేర్లూ బిల్లు నంబర్లతో రాసి పెడితే, కొత్తాయన వాళ్లని పిలిపించి వేళ్లు వేయించుకోగలడు. పేర్లు లేకపోతే ఊరందరి వేళ్లూ వెతుక్కోవాలి.

గోడౌన్ లెక్క ఎలా తేలిందో కూడా రాయాలి. ‘పొడవు ఆరు, వెడల్పు అయిదు, ఎత్తు పన్నెండు, విడిగా తొమ్మిది’ అంటే 369. ముందు నుంచి చూసి హెచ్చవేస్తే ఇది ఎప్పుడూ సరిపోతుంది. గోడవైపు వరసలో నాలుగు బస్తాల ఎత్తు తగ్గితే 24 బస్తాలు గల్లంతు. అందుకే నిచ్చెన.

పెండింగ్ ఆర్డర్లలో ‘డబ్బు కట్టాం, లారీ రావాలి’ అని రాస్తే చాలదు. లారీ దిగాక మిషన్లో రిసీవ్ కొట్టారో లేదో ఉండాలి. కొట్టకపోతే సరుకు కళ్లెదుటే ఉంటుంది, బిల్లు మాత్రం పడదు, రైతు తిట్లు మాత్రం ఠంచనుగా పడతాయి. ఇక తాళంచెవుల గుత్తిలో ఏ తాళానికీ పట్టని చెవి ఒకటి ఎలాగూ ఉంటుంది. ‘దీని తాళం ఏదో తెలియదు’ అని అదీ రాసిన మేనేజరైతే, మిగతా అంకెల్ని నేను నిచ్చెన లేకుండానే నమ్ముతాను.