కమిషనర్ రిపోర్టు కుదించేటప్పుడు వినకూడని సలహాలు

ప్రాక్టీసులో చేరిన మొదటి ఏడాది, మా సీనియర్ గారు 22 పేజీల అడ్వకేట్ కమిషనర్ రిపోర్టు నా చేతిలో పెట్టారు. "ఎల్లుండి వాయిదా. రెండు పేజీల్లో నోట్ తయారుచెయ్యి. కమిషనర్ ఏం తేల్చారు, తగాదా ఎక్కడుంది, ఎవరెవరు ఏం అభ్యంతరాలు వేశారు, ఈ మూడూ ఉంటే చాలు" అన్నారు. నాకు అదే మొదటి నోట్. బార్ అసోసియేషన్ గదిలో కనబడిన వాళ్ళనల్లా అడిగాను. అందరూ మంచి మనసుతోనే సలహా ఇచ్చారు. వాటిలో ఎక్కువ భాగం తప్పు సలహాలని వాయిదా నాడు కోర్టు హాల్లో తెలిసింది. ఇప్పటికీ జూనియర్లకు అవే చెబుతున్నారు కాబట్టి రాస్తున్నాను.

కేసు చిన్నదే. సాగర్ కుడి కాలువ కింద రెండు చేలు పక్కపక్కనే ఉన్నాయి. పడమటి చేను మా వాదిది, మిరప వేశాడు. తూర్పు చేను ప్రతివాదిది, పత్తి వేశాడు. నడుమ గట్టు, గట్టును ఆనుకుని నీటి బోదె. ప్రతివాది గట్టును దున్ని తన చేలో కలుపుకున్నాడనీ, బోదె సన్నబడి తన మిరపకు నీరు అందడం లేదనీ వాది దావా వేశాడు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 26 రూల్ 9 కింద కోర్టు ఒక అడ్వకేట్ కమిషనర్‌ను నియమించి, మండల సర్వేయర్ సాయంతో కొలిచి, స్థలం పరిస్థితి రాసి ఇమ్మంది.

నాకు దొరికిన మొదటి సలహా: "రిపోర్టు మొత్తం చదవక్కర్లేదు. చివరి పేరాలో సారాంశం ఉంటుంది, అదే ఫైండింగ్స్ కింద దించు." చివరి పేరాలో ఇలా ఉంది: ప్రతివాది 2.4 సెంట్లు ఆక్రమించుకున్నాడు, ఆ ముక్క అతని స్వాధీనంలో ఉంది, బోదెను ఈమధ్యే దున్నారు. మూడు వాక్యాలూ అలాగే దించేశాను.

ఆ మూడు వాక్యాల వెనక ఏముందో లోపలి పేజీల్లో ఉంది. కమిషనర్ గారు కళ్ళారా చూసినవి: బోదె తల దగ్గర 5 అడుగుల వెడల్పు, నడుమ మూడున్నర, తోక దగ్గర ఒకటిన్నర అడుగు, పత్తి కట్టె బోదె అంచు దాకా నిలబడి ఉంది, గట్టు మీద పచ్చిక లేదు. సర్వేయర్ కొలిచి చెప్పినది: ఆ 2.4 సెంట్లు. అక్కడున్న రైతులు చెప్పగా విన్నది: బోదె ఒకప్పుడు ఆరడుగులు ఉండేదని. ఇక "ఈమధ్యే దున్నారు" అన్నది, పచ్చిక లేకపోవడం చూసి కమిషనర్ గారు చేసిన ఊహ. నల్లరేగడిలో వేసవికి నేల నెర్రెలిచ్చి గట్టు అంచులు వాటంతటవే విరిగిపడతాయి. పచ్చిక లేనంత మాత్రాన నాగలి నడిచిందని చెప్పలేం.

చూసినది, కొలిచినది, విన్నది, ఊహించినది: ఈ నాలుగింటినీ విడదీయకుండా ఫైండింగ్స్ అన్న మాట రాయకూడదు. రూల్ 10 ప్రకారం కమిషనర్ రిపోర్టు దావాలో సాక్ష్యమే, రికార్డులో భాగమే. కానీ పక్క చేను రైతు అన్న మాట రిపోర్టులోకి ఎక్కినంత మాత్రాన రుజువైపోదు. ఆ రైతు బోనెక్కి చెప్పాల్సిందే. స్వాధీనం సంగతి మరీ ముఖ్యం. ఎవరి స్వాధీనంలో ఉందో సాక్ష్యం విని తేల్చవలసింది కోర్టు. వారెంటు కమిషనర్‌ను అడిగింది కొలత, స్థలం పరిస్థితి మాత్రమే. అందుకే నోట్ రాసే ముందు వారెంటునూ, ఇరుపక్షాలూ కమిషనర్‌కు ఇచ్చిన వర్క్ మెమోలనూ దగ్గర పెట్టుకోవాలి. అడిగిన దానికి జవాబు వచ్చిందా, అడగని దానికి జవాబు వచ్చిందా అన్నది ఒక్కో వాక్యం పక్కనే రాయాలి. మా వర్క్ మెమోలో బోదె తల దగ్గరున్న తూము పరిస్థితి నోట్ చేయమని అడిగాం. రిపోర్టులో తూము ఊసే లేదు. చివరి పేరా నుంచి నోట్ రాసినవాడికి లేనిది కనబడదు కదా.

రెండో సలహా: "లింకులూ గొలుసులూ జడ్జిగారికి తలనొప్పి. సగటు తీసి అడుగుల్లో పెట్టు." దీనివల్ల జరిగిన నష్టం అన్నిటికంటే ఎక్కువ.

సర్వేయర్ పట్టికలో ఆ ముక్క పొడవు 400 లింకులు. వెడల్పు దక్షిణం కొసన 3, నడుమ 6, ఉత్తరం కొసన 9 లింకులు. సగటు 6. నాలుగు వందలను ఆరుతో హెచ్చిస్తే 2,400 చదరపు లింకులు. సెంటుకు వెయ్యి చదరపు లింకులు కాబట్టి 2.4 సెంట్లు. లెక్కలో తప్పు లేదు. నేను నోట్‌లో "264 అడుగుల పొడవున సుమారు 4 అడుగుల వెడల్పు" అని రాశాను. చదివినవాళ్ళకు పొడవునా సమానంగా కోసుకున్న పట్టీ కళ్ళ ముందు మెదులుతుంది. చేలో ఉన్నది అది కాదు, ఒక కొస సన్నగా మరో కొస వెడల్పుగా ఉన్న ముక్క. మూడు, ఆరు, తొమ్మిది అని ఒకే లెక్కన పెరుగుతోందంటే, ఆ రెండు గీతలనూ దక్షిణానికి పొడిగిస్తే మరో 200 లింకుల అవతల ఒకచోట కలుస్తాయి. సరిగ్గా అక్కడే ఇరుపక్షాలూ ఒప్పుకున్న సర్వే రాయి ఉంది. రెండో రాయి ఉత్తరం కొసన ఉంది. దాన్నే ప్రతివాది ఒప్పుకోవడం లేదు. ఆ ఉత్తరం రాయి తన చోటు నుంచి జరిగి ఉంటే, ఎవరూ అంగుళం దున్నకపోయినా కాగితం మీద అలాంటి ఆకారంలోనే ఆక్రమణ కనబడుతుంది.

ప్రతివాది తరఫు లాయరు గారు నిలబడి మొదట చెప్పింది ఈ సంగతే. మా సీనియర్ గారి చేతిలో నా నోట్ ఉంది. దాన్లో మూడు వెడల్పులూ లేవు.

కొలతల్ని రిపోర్టులో ఉన్న ప్రమాణంలోనే దించాలి. అడుగులు కావాలంటే పక్కన రాసుకోవచ్చు. ఎక్కడెక్కడ కొలిచారో అన్ని చోట్లా రాయాలి. అన్నిటికీ ముందు, కొలత ఏ రాయి నుంచి మొదలైంది, ఆ రాయిని ఎవరు ఒప్పుకున్నారు అన్నది రాయాలి. ఎఫ్‌ఎంబీతో పోల్చారా, రీసర్వే మ్యాపుతోనా అన్నది కూడా వదలకూడదు. 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే పూర్తయిన ఊళ్ళలో పాత సర్వే నంబరు స్థానంలో ఎల్‌పీఎం నంబరు వచ్చింది. దావాలో పాత నంబరు, రిపోర్టులో కొత్త నంబరు ఉంటే నోట్‌లో రెండూ ఉండాలి. లేదంటే అది వేరే చేను అని వాదన మొదలవుతుంది.

"తగాదా అంశాలంటే ఏముంది, అభ్యంతరాల పిటిషన్లో ఉన్నవే" అన్నది మరొకరి మాట. ఇది వినడానికి సబబుగానే ఉంటుంది. నేను ప్రతివాది వేసిన మూడు అభ్యంతరాలనే తిప్పి రాసి తగాదా అంశాలన్నాను. అవి ఇవి: రెండోసారి పరిశీలనకు వచ్చినప్పుడు తనకు నోటీసు లేదు, ఉత్తరం రాయి అసలు చోటులో లేదు, గట్టు మీదున్న తన తుమ్మ చెట్లను నోట్ చేయలేదు.

వీటిలో మొదటిది పరిశీలన జరిగిన తీరు మీద. రెండోది ఫలితం మీద. మూడోది వదిలేసిన దాని మీద. మూడింటికీ కోర్టు దగ్గర దొరికే మందు వేర్వేరు. ఇవి కాక, బోదె వెడల్పు మీద ప్రతివాది రిపోర్టుకు అభ్యంతరం వేయలేదు. కానీ రిటన్ స్టేట్‌మెంటులో బోదె ఎప్పుడూ రెండడుగులకు మించి లేదని రాశాడు. అభ్యంతరం వేయలేదు కాబట్టి ఒప్పుకున్నట్టే అని నేను దాన్ని తగాదాలోంచి తీసేశాను. ఊరుకున్నంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు. అభ్యంతరం లేకపోయినా రిపోర్టు కోర్టును కట్టిపడేయదు. తగాదా ఏదో దావా, రిటన్ స్టేట్‌మెంటు పక్కపక్కన పెట్టి చూడాలి. ఆ తర్వాతే, ఆ అంశం మీద రిపోర్టు ఏమంది, అభ్యంతరం ఉందా లేదా, ఉంటే ఏ తేదీన వేశారు, కమిషనర్‌ను బోనులో ప్రశ్నించడానికి అనుమతి అడిగారా అన్నవి వరసగా రాయాలి. మా ప్రత్యర్థి అలా అనుమతి అడిగాడు. నా నోట్‌లో అదీ లేదు.

"తేదీలు, హాజరు, నోటీసులు తీసెయ్, పేజీ కలిసొస్తుంది" అన్న సలహా గురించి ఒక్కమాట చాలు. కమిషనర్ ముందు పక్షాలు హాజరు కావాలని కోర్టు చెప్పడానికి రూల్ 18 ఉంది. హాజరు కాకపోతే వాళ్ళు లేకుండానే పని సాగించవచ్చు. కాబట్టి రాలేదా, పిలవలేదా అన్నదే అసలు ప్రశ్న. మా రిపోర్టులో మొదటి పరిశీలనకు నోటీసు, సంతకాలు జతచేసి ఉన్నాయి. మిరప మొక్కలు నడుం ఎత్తు ఉండి గొలుసు సాగక, కోతలయ్యాక రెండోసారి వచ్చారు. ఆ రోజు నోటీసు కాగితం జతలో లేదు. 2.4 సెంట్లు కొలిచింది ఆ రెండోసారే.

రిసీవర్ రిపోర్టుకూ ఇదే నమూనా వాడమన్నవారూ ఉన్నారు. కుదరదు. ఆర్డర్ 40 కింద రిసీవర్ ఆస్తిని చేతిలోకి తీసుకుని లెక్క చెబుతాడు. తగాదాలో ఉన్న మిరప పంట కోయించి గుంటూరు కోల్డ్ స్టోరేజీలో పెట్టాడనుకోండి. అక్కడ ఫైండింగ్స్ అంటే ఎన్ని టిక్కీలు పెట్టాడు, పెట్టేటప్పుడు బరువెంత, తీసేటప్పుడు బరువెంత, తాలు ఎంత, కూలీ, అద్దె, కమీషన్ పోగా కోర్టులో జమ చేసిందెంత అన్న పద్దులు. అభ్యంతరాన్ని ఆ పద్దు పక్కనే రాయాలి. తరుగు ఎక్కువ చూపాడని ఒక పక్షం అంటే, అది రిపోర్టు మొత్తాన్ని కాదనడం కాదు, ఆ ఒక్క అంకెను కాదనడం.

మా కేసుకు వస్తే, ఆ రోజు సీనియర్ గారు నన్ను కోర్టులో ఏమీ అనలేదు. సాయంత్రం ఆఫీసులో రిపోర్టు, వారెంటు, వర్క్ మెమోలు, అభ్యంతరాల పిటిషన్ బల్ల మీద పరిచి, నోట్ మళ్ళీ రాయించారు. ఒక్కో వాక్యం చివర పేజీ నంబరు, పేరా నంబరు వేయించారు. నాలుగు పేజీలైంది. హద్దుల తగాదాల్లో స్థానిక పరిశీలన ఎంత అవసరమో 2008లో హర్యానా వక్ఫ్ బోర్డు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ రిపోర్టు ఉందన్నది చాలదు, అది నిలబడాలి అన్నారు ఆయన. తర్వాతి వాయిదాలో, రెండో పరిశీలనకు నోటీసు కనబడలేదని మేమే ఒప్పుకుని, రూల్ 10 కింద మళ్ళీ కొలిపించమని అడిగాం.

కోర్టు ఒప్పుకుంది. పత్తి కట్టె పీకేశాక, ఇరుపక్షాలూ నిలబడి ఉండగా, సర్వేయర్ ఈసారి పడమటి వైపు ఇద్దరూ ఒప్పుకున్న మరో రాయి నుంచి గొలుసు వేశాడు. ఉత్తరం రాయి మూడు లింకులు జరిగి ఉందని తేలింది. వెడల్పులు 2, 4, 6 లింకులు వచ్చాయి, విస్తీర్ణం 1.6 సెంట్లు. ఆ రిపోర్టు మీద ప్రతివాది వేసిన అభ్యంతరం ఒక్కటే, తుమ్మ చెట్ల గురించి. కొత్త నోట్‌లో మొదటి వరస గొలుసు ఏ రాయి నుంచి వేశారన్నది, రెండో వరస ఆ రోజు సంతకాలు ఎవరెవరు పెట్టారన్నది.