భయం రెన్యువల్ చేయించుకున్నారా?

కొత్త ల్యాప్‌టాప్ కొన్నవాడికి మొదటి పలకరింపు విండోస్ నుంచి రాదు. కీబోర్డు మీది ప్లాస్టిక్ పొర ఇంకా ఒలవకముందే తెర కుడివైపు కింది మూల నుంచి ఒక డబ్బా పైకి లేస్తుంది: మీ కంప్యూటర్ ప్రమాదంలో ఉంది! అట్టపెట్టెలోంచి బయటికొచ్చి గంట కాలేదు. ఒక్క సైటూ తెరవలేదు, ఒక్క పెన్‌డ్రైవూ పెట్టలేదు. మరి ప్రమాదం ఎక్కణ్ణుంచి వచ్చింది? మీరు డబ్బు కట్టకపోవచ్చు అన్నదే ఆ ప్రమాదం. అది కూడా మీకు కాదు, ఆ డబ్బా పంపిన కంపెనీకి.

ఆ ట్రయల్ యాంటీవైరస్ మీ మీద ప్రేమతో అక్కడికి చేరలేదు. యంత్రంలో తన సరుకు ముందే ఎక్కించి అమ్మినందుకు యాంటీవైరస్ కంపెనీ ల్యాప్‌టాప్ కంపెనీకి ముడుపు చెల్లిస్తుంది. చట్టబద్ధమైన ముడుపే, వ్యాపార ఒప్పందం అంటారు. ఆ సొమ్ము తిరిగి రాబట్టుకోవాలంటే మీరు భయపడాలి. మొదటి రోజు కాస్త, ముప్పయ్యో రోజు బాగా.

మా వీధిలో ఒక రిటైర్డ్ లెక్కల మాష్టారున్నారు. ఆయనకు ల్యాప్‌టాప్‌తో పని నాలుగు మెయిళ్లు, పెన్షన్ కాగితాలు, రైలు టిక్కెట్లు, అమెరికాలో ఉన్న మనవరాలితో వీడియో కాల్. తెలియని లింకు నొక్కరు, నొక్కమన్నా నొక్కరు. కరెంటు బిల్లు కూడా రెండుసార్లు కూడి చూసుకునే మనిషి. అలాంటాయనను కొట్లో కుర్రాడు ఒక్క వాక్యంతో పడగొట్టేశాడు.

"విండోస్‌తో వచ్చేది ఫ్రీ కదా మాష్టారూ, ఫ్రీగా వచ్చేదాని రక్షణ ఏపాటిదో మీకు చెప్పాలా?"

మాష్టారు మూడేళ్ల చందా కట్టి బయటికొచ్చారు. అదే కుర్రాడు అదే పూట మరో ఇద్దరికి దొంగ ఆఫీస్ ఎక్కించి పంపాడు. దాన్ని ఎక్కించేందుకు ముందుగా విండోస్ రక్షణను తన చేత్తోనే ఆపాడు. ఎందుకంటే అది ఊరుకోదు, ఆ క్రాక్ ఫైలును చూడగానే పట్టుకుంటుంది. ఫ్రీగా వచ్చేదాని రక్షణ ఏపాటిదో ఊళ్లో అందరికంటే బాగా తెలిసినవాడు ఆ కుర్రాడే!

నిజం చెప్పాలంటే ఆ చులకనకు ఒకప్పుడు కారణం ఉండేది. విండోస్‌తో వచ్చే ఆ డిఫెండర్ పూర్తిస్థాయి యాంటీవైరస్ అయింది 2012లో, విండోస్ 8తో. ఆ తొలి ఏళ్లలో జర్మనీలోని ఏవీ-టెస్ట్ సంస్థ పెట్టే పరీక్షల్లో మైక్రోసాఫ్ట్ సరుకు అట్టడుగున కూచునేది. ఆ తర్వాత కథ మారింది. ఇప్పుడు అదే సంస్థ రక్షణ విభాగంలో ఇచ్చే 6 మార్కులకు 6 తెచ్చుకోవడం డిఫెండర్‌కు మామూలు విషయం. డబ్బిచ్చి కొనేవాటికీ అవే మార్కులు. కొట్లో వాళ్ల జ్ఞానం మాత్రం 2013 దగ్గర ఆగిపోయింది. దానికి అప్‌డేట్ వస్తే కమిషన్ పోతుంది.

ఇక అసలు తమాషా చూడండి. కొత్త యాంటీవైరస్ ఎక్కగానే విండోస్ దగ్గర తన పేరు నమోదు చేయించుకుంటుంది. ఆ మరుక్షణం డిఫెండర్ తన పని తాను ఆపేసుకుంటుంది. ఒకే ఫైలు మీద ఇద్దరూ పడితే యంత్రం కుంటుతుంది కాబట్టి ఆ ఏర్పాటు. అంటే మీరు పెట్టుకుంటున్నది రెండో కాపలాదారును కాదు. జీతం లేకుండా గేటు దగ్గర మేలుకుని ఉన్నవాణ్ణి పడుకోబెట్టి, జీతం మీద ఇంకొకణ్ణి కూచోబెడుతున్నారు. వీడు రాత్రంతా తలుపు కొట్టి "అయ్యా, దొంగలు రాలేదండీ, నేనుండబట్టే! పై జీతం ఇస్తే పెరడు కూడా చూస్తాను" అంటాడు. ఆ పెరడు పేర్లే వీపీఎన్, క్లీనర్, డార్క్ వెబ్ నిఘా.

మీ యంత్రంలో ప్రస్తుతం ఎవరు మేలుకుని ఉన్నారో చూడ్డం తేలిక. స్టార్ట్ మెనూలో Windows Security అని కొట్టి తెరవండి. అందులో Virus & threat protection నొక్కితే, బయటి యాంటీవైరస్ ఉంటే పైన దాని పేరే కనిపిస్తుంది. దాని పేరుండి, చందా ముగిసిందని కూడా చెబుతోందా? అయితే మీది అన్నిటికంటే అధ్వాన్నమైన స్థితి. గడువు ముగిస్తే డిఫెండర్ తిరిగి లేవాలన్నదే విండోస్ నియమం. కానీ అది లేచిందో లేదో కళ్లతో చూసుకోకుండా నమ్మకండి. Settings లో Apps, అందులో Installed apps తెరిచి, ముగిసిన సరుకును తీసేసి, యంత్రాన్ని ఒకసారి రీస్టార్ట్ చేయండి. కొన్ని మొండివి, తీసినా వేళ్లు వదలవు. వాటిని పెకలించడానికి పెద్ద కంపెనీలు తమ సొంత సైట్లలో వేరే టూల్ పెట్టాయి. తమ సరుకు మామూలుగా తీస్తే పోదని ఇంతకంటే మర్యాదగా ఎవరు ఒప్పుకుంటారు?

మాష్టారి కథ ఇక్కడితో ఆగలేదు. ఒకరోజు పంచాంగం చూడ్డానికి ఏదో సైటు తెరిచారు. "మీరు రోబోట్ కాదని నిరూపించడానికి Allow నొక్కండి" అంది. ఆయన రోబోట్ కాదు గనక నొక్కారు. అది మొదలు రోజూ కుడివైపు మూలన మరో డబ్బా: ఐదు వైరస్‌లు దొరికాయి, చందా వెంటనే పునరుద్ధరించండి! పైన ఒక పేరున్న యాంటీవైరస్ గుర్తు. మాష్టారు కార్డు బయటికి తీశారు. చదువుకున్న మనిషి, జాగ్రత్తపరుడు, ఎందుకు మోసపోబోయారు? ఎందుకంటే తాను డబ్బిచ్చి కొన్న నిజమైన యాంటీవైరస్ కూడా అచ్చం అలాగే, అదే మూలనుంచి, అదే రంగులో, అదే గొంతుతో బెదిరిస్తుంది కనుక. దొంగవాళ్లు కొత్త భాషేం కనిపెట్టలేదు. దొరలు నేర్పిన భాషే మాట్లాడారు.

ఆ రెంటికీ తేడా చెప్పేది డబ్బాలో ఉన్న చిన్న అక్షరాలే. అక్కడ క్రోమ్ పేరూ, ఏదో సైటు చిరునామా కనిపిస్తే అది మీ యంత్రం చెప్పిన మాట కాదు, ఆ సైటు విసిరిన కాగితం. వైరస్ ఏమీ లేదు. క్రోమ్ సెట్టింగుల్లో Privacy and security, తర్వాత Site settings, తర్వాత Notifications తెరిచి, అనుమతి ఉన్న జాబితాలోంచి ఆ చిరునామాను కొట్టేస్తే డబ్బా నోరు మూతపడుతుంది. మాష్టారు కార్డు తిరిగి జేబులో పెట్టుకున్నారు. చందా కట్టిన యాంటీవైరస్ మాత్రం ఆ వారమంతా ఆ పక్కనే, పచ్చటి టిక్కు మార్కుతో ధీమాగా కూచుంది.

రక్షకులకు మన మీదున్న అనురాగానికి రికార్డు కూడా ఉంది. అవాస్ట్ వాడినవాళ్లు ఏ సైట్లు చూశారన్న సమాచారం జంప్‌షాట్ అనే దాని అనుబంధ కంపెనీ ద్వారా అమ్ముడుపోయింది. ఎవరూ వెంటపడకుండా కాపాడతామని చెప్పి, వెంటపడినందుకు 2024లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కోటి 65 లక్షల డాలర్లు కట్టించింది. అంతకు చాలా ముందు, 2010 ఏప్రిల్ 21న, మకాఫీ పంపిన ఒక అప్‌డేట్ విండోస్ ఎక్స్‌పీలోని svchost.exe అనే ప్రాణాధారమైన ఫైలునే వైరస్ అనుకుని పట్టుకుపోయింది. ఎన్నో కంపెనీల్లో యంత్రాలు ఆగి ఆగి మళ్లీ మొదలవుతూ కూచున్నాయి. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది, డిఫెండర్‌కూ జరుగుతుంది. కానీ యంత్రం గుండెల దాకా చెయ్యి పెట్టే అనుమతి ఎంతమందికి ఇస్తే అంతమంది పొరపాట్లూ మనమే భరించాలి.

ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే రాన్సమ్‌వేర్ సంగతేమిటంటారా? అది చూపించే ఎక్కువమందికి చందా అంటగడతారు. దానికి అడ్డుపడే ఏర్పాటు డిఫెండర్‌లోనే ఉంది, పేరు Controlled folder access. కాకపోతే మైక్రోసాఫ్ట్ వారు దాన్ని ఆపేసి ఇచ్చారు. ఇక్కడ వాళ్లనూ వెనకేసుకు రానక్కర్లేదు. Virus & threat protection పేజీలో కిందికి వెళితే Manage ransomware protection కనిపిస్తుంది, అక్కడ వేసుకోవాలి. వేశాక మీరు రోజూ వాడే ఏదో ప్రోగ్రాం డాక్యుమెంట్లలో ఫైలు సేవ్ చేయలేక అలగొచ్చు. అదే పేజీలో దానికి అనుమతి ఇస్తే సరి. ఇంకో మాట, ఈ ఏర్పాటు పనిచేసేది డిఫెండర్ మేలుకుని ఉన్నప్పుడే. బయటి యాంటీవైరస్ పెట్టి దాన్ని పడుకోబెట్టారా, ఇదీ పడుకుంటుంది. ఏది ఉన్నా లేకపోయినా మనవరాలి ఫొటోలు ఒక బయటి డిస్క్‌లోకి తీసి, ఆ డిస్క్ పీకి బీరువాలో పెట్టడం మాత్రం మానకండి.

అయితే డిఫెండర్ అన్నిటికీ చాలుతుందా? చాలదు. దాని బలంలో సగం ఇంటర్నెట్ అవతల మైక్రోసాఫ్ట్ సర్వర్లలో ఉంది. నెట్ లేని గదిలో, ఊరందరి పెన్‌డ్రైవులూ ఎక్కే జిరాక్స్ షాపు కంప్యూటర్‌లో దాని పట్టు సడలుతుంది. అక్కడ మంచి బయటి సరుకు ఉపయోగపడొచ్చు. తప్పుడు సైట్లకు అడ్డుపడే దాని కాపలా ఎడ్జ్‌లో ఉన్నంత గట్టిగా క్రోమ్‌లో ఉండదు. అయితే క్రోమ్‌కు గూగుల్ సొంత కాపలా ఉంది. ఇంట్లో పిల్లలు కొత్త సినిమా కోసం కనిపించిన ప్రతి బటనూ నొక్కే రకమైతే అది వేరే లెక్క. కానీ మనం మాట్లాడుతున్నది నొక్కే ముందు ఆలోచించే మనిషి గురించి కదా.

ఆ మనిషిని ఇవాళ దోచేవాడు వైరస్ పంపడు, ఫోన్ చేస్తాడు. బ్యాంకు నుంచి అంటాడు, ఎనీడెస్క్ వేసుకోమంటాడు. ఎనీడెస్క్ నిజాయితీగల సాఫ్ట్‌వేర్. ఉచిత డిఫెండర్ అయినా మూడేళ్ల చందా యాంటీవైరస్ అయినా దాన్ని ఎందుకు ఆపుతుంది? తలుపు మీరే తీస్తున్నారు. ఆ తర్వాత డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఏ యాంటీవైరస్ ప్యాకేజీలోనూ ఆ నంబరు ఉండదు, ఎందుకంటే దానికి చందా లేదు.

నా తీర్పు ఇది. విండోస్ 11 ఉండి, అప్‌డేట్లు ఆపకుండా, దొంగ సాఫ్ట్‌వేర్ జోలికి పోని కొత్తవాడు యాంటీవైరస్‌కు రూపాయి కూడా పెట్టనక్కర్లేదు. విండోస్ 10 మీదే ఉన్నవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఒకటే: మైక్రోసాఫ్ట్ దాని మామూలు మద్దతును 2025 అక్టోబర్ 14న ఆపేసింది. మద్దతు ఆగాక విండోస్‌లో మిగిలిపోయే కంతలను ఏ కంపెనీ యాంటీవైరసూ పూడ్చలేదు. ఆ చందా డబ్బు విండోస్ మార్చుకోవడానికి దాచుకోండి.