సమదృష్టి సార్

బాటసింగారం పండ్ల మార్కెట్‌లో మామిడి కిలోకి యాభై గ్రాములు తక్కువ తూగితే పట్టుకోవడానికి తూనికలు కొలతల శాఖ ఉంది. అదే బాటసింగారం గోదాముల్లో ఓ మేనేజరు మనిషి పరువును రోజూ కిలోల లెక్కన తరుగు తీస్తుంటే తూచే కాటా మాత్రం ఏ శాఖ దగ్గరా లేదు. సర్కారుకు మామిడి మీదున్న మమకారం అలాంటిది.

మేనేజరు లైంగికంగా వేధిస్తే 2013 నాటి చట్టం ఉంది, ఆఫీసులో కమిటీ ఉంది. కులం పేరుతో దూషిస్తే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. కానీ మన సార్ సమదృష్టి గల మహానుభావుడు. ఆడామగా చూడడు, కులం అడగడు, పికింగ్ చేసే కుర్రాడి నుంచి బిల్లింగ్ చేసే అమ్మాయి దాకా అందరినీ ఒకే స్థాయిలో తిడతాడు. వివక్ష చూపినవాడికే చట్టంలో శిక్ష. ఇంత నిష్పక్షపాతంగా ఏడిపించేవాడి కోసం మన దేశంలో ప్రత్యేక చట్టం ఇంతవరకూ పుట్టలేదు.

పోలీసుల దగ్గరికి పోతే? పోయినవాళ్ల కథ మన పక్కనే ఉంది. సికింద్రాబాద్‌లో మేధో దివ్యాంగుల కోసం పనిచేసే జాతీయ సంస్థలో, 2022 ఫిబ్రవరిలో డైరెక్టరు తనను గదికి పిలిపించి గట్టిగా కేకలేశారని, దాంతో ఆరోగ్యం దెబ్బతిందని ఓ అసిస్టెంట్ ప్రొఫెసర్ కేసు పెట్టారు. డైరెక్టరు మీద ఆమె పైవాళ్లకు ఫిర్యాదులు చేసి ఉన్నారు. కేకల్లో ఆ ఫిర్యాదుల ప్రస్తావనే వచ్చిందన్నది ఆమె ఆరోపణ. ఐపీసీ 504 కింద, అంటే శాంతిభంగానికి రెచ్చగొట్టేలా కావాలని అవమానించారని అభియోగం. కేసు కొట్టేయడానికి తెలంగాణ హైకోర్టు ఒప్పుకోలేదు. సుప్రీంకోర్టు 2025 ఫిబ్రవరి 10న బి.వి.రామ్‌కుమార్ వర్సెస్ స్టేట్ ఆఫ్ తెలంగాణ తీర్పులో కొట్టేసింది. పని గురించి, క్రమశిక్షణ గురించి పై అధికారి మందలిస్తే అది నేరం కాదంది. కింది ఉద్యోగి లోపాన్ని పెద్దవాళ్లు అడగకపోతే మిగతావాళ్లూ అదే దారి పడతారని కూడా అంది.

ఈ తీర్పు మన సార్ చెవిన పడితే ఫ్రేమ్ కట్టించి కుర్చీ వెనక తగిలిస్తాడు. తగిలించే ముందు ఒకసారి పూర్తిగా చదివితే మంచిది. మందలింపు పనికి సంబంధించినదై ఉండాలన్నది అందులోని షరతు. డిస్పాచ్ ఎందుకు లేటయిందని అరవడం పని. కుర్రాడి తల్లిని మధ్యలోకి లాగడం ఏ డిస్పాచ్‌లోనూ లేని ఐటమ్. గేటు దాటితే కాళ్లు విరగ్గొట్టిస్తానంటే అది మందలింపు కాదు, భారతీయ న్యాయ సంహిత 351 చెప్పే నేరపూరిత బెదిరింపు. పాత 504 ఇప్పుడు 352 అయింది. అయితే ఒక్క 352నే పట్టుకుని స్టేషన్‌కు పోతే, మెజిస్ట్రేటు ఆదేశం లేనిదే పోలీసులు దర్యాప్తు చేయలేరు. మీ ఫిర్యాదు రాసుకుని, కోర్టుకు పొమ్మని దారి చూపిస్తారు.

మరి కంపెనీలో? హెచ్ఆర్‌కు ఓపెన్ డోర్ పాలసీ ఉంటుంది. ఆ తలుపు తెరిస్తే లోపల మన సారే కూర్చుని టీ తాగుతుంటాడు.

ఇప్పుడు అసలు సంగతి. తిట్టడం సార్‌కు సరదా మాత్రమే, లక్ష్యం వేరే. గోదాములో మూడేళ్లుగా పనిచేస్తున్న కుర్రాడొకడు ఉన్నాడనుకుందాం. ఓవర్‌టైమ్ డబ్బులేవని అడిగాడు. మర్నాటి నుంచి అందరి ముందూ "లెక్క గూడ రాదా బే నీకు" మొదలైంది. నెల తిరిగేసరికి సార్ గదిలోకి పిలిచి తెల్ల కాగితం ముందు పెట్టాడు. "సొంత కారణాలని రాసి సంతకం పెట్టు. లేకుంటే ఎక్స్‌పీరియన్స్ లెటర్ రాదు, చూస్కో."

ఆ కాగితం విలువ కుర్రాడికి తెలియదు, సార్‌కు బాగా తెలుసు. కంపెనీయే తీసేస్తే తెలంగాణ దుకాణాలు, సంస్థల చట్టం 47వ సెక్షన్ ప్రకారం సహేతుకమైన కారణం ఉండాలి. ఆరు నెలలు పైబడి చేసినవాడికి నెల నోటీసో, నెల జీతమో ఇవ్వాలి. ఏడాది దాటితే చేసిన ప్రతి ఏడాదికీ పదిహేను రోజుల జీతం పరిహారంగా చెల్లించాలి. తీసివేత అన్యాయమనుకుంటే కార్మిక శాఖలోని అధికారి ముందు అప్పీలు కూడా ఉంది. కుర్రాడు సొంత కారణాలని రాసిచ్చాడా, కారణం, నోటీసు, అప్పీలు ఒక్క సంతకంతో మాఫీ. తిట్లకు చట్టం లేదని తెలిసినవాడే తిట్లతో రాజీనామా రాయించుకుంటాడు.

కాబట్టి కుర్రాడు చేయాల్సింది సార్‌ను తిరిగి తిట్టడం కాదు, రాయకపోవడం. బలవంతంగా రాయించుకుంటే ఆ రోజే, ఆమోదించే లోపే, "ఒత్తిడి చేసి రాయించారు, వెనక్కి తీసుకుంటున్నాను" అని హెచ్ఆర్‌కు మెయిలు, ఒక కాపీ రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి. రెండు నెలలు ఊరుకుని తర్వాత బలవంతం అంటే వినేవాడు నమ్మడు. నోటితో ఇచ్చిన ప్రతి ఆర్డరునూ వాట్సాప్‌లోకి ఎక్కించాలి: "సార్, ఈ రోజు నుంచి నన్ను నైట్ షిఫ్ట్‌కు మార్చారు కదా, కారణం చెప్పగలరు." సార్ జవాబివ్వకపోయినా రెండు నీలం టిక్కులు పడతాయి.

2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం ఇరవై మంది, అంతకు మించి కార్మికులున్న చోట ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. అందులో సగం మంది కార్మికుల ప్రతినిధులు. ఏడాదిలోపు ఫిర్యాదు చేయొచ్చు, కమిటీ ముప్పై రోజుల్లో తేల్చాలి. ఇక్కడ తిట్లూ ఫిర్యాదు కిందికే వస్తాయి. సార్‌ను జైలుకు పంపలేకపోయినా, ఆయన ప్రవర్తన రికార్డులోకి ఎక్కుతుంది. కాంట్రాక్టరు కింద చేరినవాడైతే ముందు తన యజమాని ఎవరో తేల్చుకుని అక్కడి కమిటీని అడగాలి. నెలకు 18,000 దాటి జీతం తీసుకునే సూపర్‌వైజర్లకు ఈ కోడ్‌లో చోటు లేదు. తిట్లు మాత్రం వాళ్లకూ పడతాయి, పై సార్ నుంచి.

ఆస్ట్రేలియాలో ఇలాంటి ఉద్యోగి 2014 నుంచి ఫెయిర్ వర్క్ కమిషన్‌కు పోయి వేధింపు ఆపమని ఆర్డరు తెచ్చుకోవచ్చు. డబ్బు రాదు, కానీ నోరు ఆగుతుంది. పనిచోట హింస, వేధింపుల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో చేసిన ఒప్పందాన్ని మనం ఇంకా ఆమోదించలేదు. పండ్లకు తూకం ఉంటే చాలునని ఢిల్లీ వాళ్ల ఉద్దేశం కావచ్చు.

అందాకా గోదాముల్లో, షాపుల్లో, ఆఫీసుల్లో పనిచేసే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక్కటే మనవి. తెల్ల కాగితం ముందు పెడితే సంతకం చేయకండి. మీ కంపెనీలో ఫిర్యాదుల కమిటీ ఉందా, అందులో మీవాళ్లెవరు అని ఈ వారమే రాతపూర్వకంగా అడగండి. లేదని జవాబొస్తే ఆ జవాబే కార్మిక శాఖకు మీరిచ్చే మొదటి ఫిర్యాదు.