దేన్ని?

ఒంట్లో బాగాలేదన్న కబురు మా పెదనాన్నకి ఇంగ్లీషులో పంపకూడదు. ఈ సంగతి ఇంటిల్లిపాదికీ తెలుసు, ఒక్క మా బాబాయి కొడుక్కి తప్ప. వాడు బెంగళూరు నుంచి 'ఐ యామ్ లేయింగ్ ఇన్ బెడ్ విత్ ఫీవర్' అని అందరికీ మెసేజ్ పెట్టాడు. అత్తయ్యలు మిరియాల కషాయం ఎలా కాచుకోవాలో చెప్పారు. పిన్ని ఆంజనేయస్వామి ఫొటో పంపింది. పెదనాన్న మాత్రం ఒకే ఒక్క మాట పంపారు: "దేన్ని?"

"దేన్ని ఏంటి పెదనాన్నా?" అని వాడు ఫోన్ చేశాడు పాపం, దగ్గుతూనే.

"మంచంలో దేన్ని పెడుతున్నావు నాయనా? గుడ్డా? లేయింగ్ అంటే పెట్టడం. కోడి చేసే పని. నువ్వు చేస్తున్నది లైయింగ్."

ఇలాంటి మనిషి మీ ఇంట్లోనూ ఒకరు ఉండే ఉంటారు. మా పెదనాన్న సర్కారీ ఆఫీసులో సెక్షన్ సూపరింటెండెంటుగా రిటైరయ్యారు. ఉద్యోగం పోయినా ఎర్ర సిరా పోలేదు. పెళ్లి శుభలేఖ ఇస్తే ముహూర్తం కన్నా ముందు క్రియాపదం చూస్తారు. ఆయన పరీక్ష మాత్రం చాలా చిన్నది. వాక్యంలో క్రియ దగ్గర ఆగి "దేన్ని?" అని అడగాలి. జవాబు దొరికితే లే, రెయిజ్. దొరక్కపోతే లై, రైజ్. మనిషి తనంతట తాను పడుకుంటాడు, అది లై. పిల్లాణ్ణి పడుకోబెట్టాలంటే పిల్లాడు కావాలి, అది లే. సూర్యుడు ఎవరూ లేపకుండానే లేస్తాడు, అది రైజ్. చెయ్యి ఎత్తాలన్నా, ప్రశ్న లేవనెత్తాలన్నా ఏదో ఒకటి చేతికి దొరకాలి, అది రెయిజ్. "ఆయన తెల్లారకట్ల లేవడం రైజ్, లేచాక గొంతు లేపడం రెయిజ్" అని మా పెద్దమ్మ ఒక్క ముక్కలో తేల్చేసింది. వ్యాకరణం ఆవిడకే బాగా వంటబట్టిందని నా అనుమానం.

ఇంతవరకూ ఎవరికైనా అర్థమవుతుంది. అసలు గొయ్యి భూతకాలంలో ఉంది. మా తమ్ముడు అందులో పడ్డాడు. మర్నాడు జ్వరం కాస్త తగ్గి, పెద్దాయన్ని మెప్పిద్దామని 'ఎస్టర్‌డే ఐ లెయిడ్ ఇన్ బెడ్' అని రాశాడు. మళ్లీ "దేన్ని?" లెయిడ్ అనేది పెట్టడానికి భూతకాలం. లే, లెయిడ్, లెయిడ్, ఆ వరస అంతే. ఆ మర్నాడు వాడు బాగా ఆలోచించి, లై అన్నప్పుడు చివర డి చేరిస్తే సరిపోతుంది కదా అని 'ఐ లైడ్ ఇన్ బెడ్' అన్నాడు. పెదనాన్న మొహం వెలిగిపోయింది. "ఏం అబద్ధం ఆడావురా మంచంలో?" అబద్ధమాడటమనే లైకి మాత్రమే లైడ్ వస్తుంది. పడుకోవడమనే లైకి రాదు.

మరి నిన్న పడుకున్నానని ఎలా చెప్పాలి? 'ఐ లే ఇన్ బెడ్' అని. అవును, అదే లే. ఎదురుగా నిలబడి తిట్టించుకున్న లేనే. పడుకోవడానికి భూతకాలమూ, పెట్టడానికి వర్తమానమూ ఒకే అక్షరాలతో తిరుగుతున్నాయి. రెండు రోజులుగా పడుకునే ఉన్నానంటే 'హ్యావ్ లెయిన్'. లై, లే, లెయిన్. ఆ చివరి మాట వినగానే తమ్ముడికి జ్వరం మళ్లీ వచ్చిందని వాళ్లావిడ చెప్పింది.

రైజ్ దగ్గర ఈ పీడ లేదు. రైజ్, రోజ్, రిజన్ ఒక దారి. రెయిజ్, రెయిజ్డ్, రెయిజ్డ్ ఇంకో దారి. ఒకదాని వేషం ఇంకొకటి వేసుకోదు. అయినా పెదనాన్న అక్కడా వదలరు. పేపర్లో 'ఫేర్స్ హ్యావ్ రిజన్' అని బస్సు ఛార్జీల వార్త కనిపిస్తే ఆయనకి మండుకొస్తుంది. "ఇదేమన్నా గోదావరి వరదా, దానంతట అది పెరగడానికి? ఎవడో సంతకం పెడితే పెరిగింది. 'రెయిజ్డ్' అని రాస్తే 'ఎవరు' అనే ప్రశ్న వస్తుందని భయం." ఆ వాక్యం వ్యాకరణం ప్రకారం సరైనదే, అది ఆయనకీ తెలుసు. కానీ ఈ గొణుగుడు మాత్రం నాకు నచ్చుతుంది.

ఆయన పరీక్షకి ఒక చిక్కుంది. మా ఊరి బస్టాండు పక్కన ఓ హాలుకి వేసిన శంకుస్థాపన ఫలకం ఉంది. దాని మీద 'ఫౌండేషన్ స్టోన్ వాజ్ లెయిడ్ బై' అని ఉంటుంది, కింద పేరు సగం చెరిగిపోయింది. ఇంజనీరింగ్ చదివే మా అన్నయ్య కూతురు ఆయన్ని అక్కడే పట్టుకుంది. "తాతయ్యా, క్రియ తర్వాత ఏమీ లేదు. దేన్ని అంటే జవాబు లేదు. మరి లెయిడ్ తప్పేగా?"

పెదనాన్న చేతికర్రతో ఆ రాయినే తట్టి చూపించారు. "ఇదేనమ్మా జవాబు. వేసినవాడు వెనక్కి పోయాడు, వేయబడ్డది ముందుకొచ్చి కూర్చుంది." కర్మణి వాక్యంలో కర్మ ముందు వస్తుంది కాబట్టి జవాబు కోసం క్రియకి ముందూ వెతకాలి. 'ద ఫైల్స్ హీ లెయిడ్ ఆన్ ద టేబుల్' లాంటి వాటిలోనూ అంతే, ఫైళ్లు ముందే వచ్చేశాయి. లై, రైజ్ ఇలా కర్మణిలోకి రానే రావు, అది ఇంకో ఆనవాలు. ఆ తర్వాత ఆయన గట్టిగా నవ్వి, "రాయి వేసినప్పుడు లెయిడ్. హాలు కట్టలేదుగా, అప్పట్నుంచీ ఇక్కడే పడి ఉంది. ఇట్ హ్యాజ్ లెయిన్ హియర్ ఎవర్ సిన్స్" అన్నారు. ఒక్క రాయి మీద రెండు క్రియలూ చూపించిన ఆనందంలో ఆ పిల్లకి చెరుకురసం కూడా ఇప్పించారు. ఆయన జేబులోంచి డబ్బు తీయడం మా ఇంట్లో చిన్న విషయం కాదు.

పెద్దవాళ్లని కూడా ఆయన ఖాతరు చేయరు. బాబ్ డిలన్ 1969లో పాడిన 'లే లేడీ లే' పాట విని, పడుకోమన్నప్పుడు లై కదా అనాల్సింది, ఈయనకి 2016లో నోబెల్ ఎలా ఇచ్చారని అడిగారు. పక్కన కందిపప్పు ఏరుతున్న పెద్దమ్మ, "పడుకోమనడానికి లే అంటారా? మన దగ్గర లేవమంటే కదూ లే?" అంది. ఫాక్‌నర్ 1930 నాటి నవల 'యాజ్ ఐ లే డైయింగ్'కి మాత్రం ఆయన దగ్గర మంచి మార్కులున్నాయి. అక్కడి లే పడుకోవడానికి భూతకాలం, ఒప్పే.

డల్లాస్‌లో ఉన్న మేనల్లుడు ఒకసారి ధైర్యం చేసి, "మావయ్యా, ఇక్కడి తెల్లవాళ్లే మాటల్లో లేయింగ్ ఇన్ బెడ్ అంటారు, ఎవరూ ఉలిక్కిపడరు" అన్నాడు. అది నిజమే. "అననీ. వాళ్ల మాట వాళ్లిష్టం. నువ్వు ఆఫీసుకి రాసే కాగితంలో మాత్రం అనకు" అని ఈయన ఫోన్ పెట్టేశారు.

నా మట్టుకు నేను మేనల్లుడి పక్షమే. జ్వరంతో మూలుగుతున్నవాణ్ణి "దేన్ని?" అని అడగడం దుర్మార్గం. కానీ ఉద్యోగ దరఖాస్తో, సెలవు చీటీయో ఇంగ్లీషులో రాసేవాళ్లు ఆ ప్రశ్న తమకి తాము ఒకసారి వేసుకోండి. జవాబు తేలకపోతే కాగితం మాకు పంపండి. మా పెదనాన్న ఊరికే దిద్దిపెడతారు, తీరిక బోలెడుంది. జ్వరం ఎలా ఉందని మాత్రం ఆయన అడుగుతారనుకోకండి.